తెలుపు పల్చనైన రోజు

బహ్రెయిన్‌లో మామీర్ అనే ఊరి పక్కన పారిశ్రామికవాడలో మా ప్లాంటు చిన్నది. ఇత్తడి కుళాయిలూ వాల్వులూ చేసే కార్ఖానాలు వాటిని ఆమ్లంలో ముంచి మెరుగు తెస్తాయి. వాడగా వాడగా నీలిపచ్చగా మారిపోయిన ఆ ఆమ్లం ట్యాంకర్లలో మా దగ్గరికి వస్తుంది. అందులో రాగి ఉంటుంది, జింకు ఉంటుంది. రెండిటినీ విడదీసి, రాగి ముద్దను ఒకరికి, జింకు ముద్దను ఇంకొకరికి పంపి, మిగిలిన నీళ్లను శుభ్రం చేసి వదలడం మా పని. అక్కడ నేను కెమిస్టుని. చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది. చేసేది మాత్రం రోజంతా ఒక రేకుల గదిలో కూర్చుని, గాజు గొట్టాలతో తప్ప ఎవరితోనూ మాట్లాడకపోవడం.

జింజ్ అనే పేటలో ఒక ఫ్లాటులో నాకో గది ఉంది. మిగతా రెండు గదుల్లో ఉన్నవాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. వంటింట్లో ఎదురైతే ముగ్గురం చిరునవ్వులు నవ్వుకుని, ఎవరి గిన్నె వాళ్లు పట్టుకుని లోపలికి పోతాం. మా ఆవిడ రాజమండ్రిలో టీచరు. ఫోను చేస్తే "తిన్నారా?" అంటుంది. "తిన్నాను, నువ్వు?" అంటాను. ఆ తర్వాత ఇద్దరికీ ఏం తోచదు. ఎవరి తప్పూ కాదు. ఆరేళ్లుగా వేర్వేరు దేశాల్లో ఉన్న ఇద్దరికి తిండి గురించి తప్ప వేరే మాట ఎక్కడిది?

అందుకని నేను రోజు మొత్తంలో నిజంగా తెలుగు మాట్లాడేది ప్లాంటులోనే, అదీ ఒకే ఒక్క మనిషితో. ఆయన మా ట్యాంకుల ఆపరేటరు. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాడిని, ఆయన నన్ను సారూ అనేవాడు. బహ్రెయిన్‌లో పన్నెండేళ్ల నుంచీ ఉంటూ ఇప్పటికీ "దుబాయి అచ్చి పన్నెండేండ్లాయె" అనేవాడు. మొదట్లో సరిదిద్దేవాడిని. "గదేడున్నా ఇసుకనే గద సారూ" అని కొట్టిపడేశాడు. నాకు కోపం వచ్చింది. నాకు చిన్నచిన్న వాటికి కోపం రావడం అలవాటే, కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల నుంచీ ఉంది.

మేం చేసే పని సూత్రం ఇంటర్ పిల్లలకు కూడా తెలిసిందే. పదేళ్లు వాళ్లకు నేనే చెప్పాను. ఈ నీళ్లలోకి సోడియం సల్ఫైడు ద్రావణం వదిలితే రాగి నల్లగానూ, జింకు తెల్లగానూ గట్టిపడి అడుక్కి దిగుతాయి. రెండూ కలిసి దిగితే మాత్రం పని చెడ్డట్టే. అందుకని మొదటి ట్యాంకులో నీళ్లను బాగా పుల్లగా, పీహెచ్ ఒకటిన్నర దగ్గర ఉంచుతాం, ఆ అంకె ఎంత తగ్గితే అంత పులుపు. అంత ఆమ్లంలో సల్ఫైడు దాదాపు అంతా హైడ్రోజన్‌తో జతకట్టేసి ఉంటుంది. విడిగా తిరిగే సల్ఫైడు అయాన్లు లెక్కలోకి రానంత తక్కువ. రాగికి ఆ కాస్త చాలు, ఎందుకంటే రాగి సల్ఫైడు నీళ్లలో కరగడం అన్నది లేనట్టే. జింకుకు ఆ కాస్త చాలదు, నీళ్లలోనే ఉండిపోతుంది. రాగి అంతా దిగాక నల్ల ముద్దను ఫిల్టర్ ప్రెస్సులో పిండి తీసేసి, ఆ నీళ్లను రెండో ట్యాంకుకు పంపుతాం. అక్కడ సోడా కలిపి పీహెచ్‌ను మూడున్నరకు పెంచితే, ఆమ్లం తగ్గినకొద్దీ సల్ఫైడు అయాన్లు పెరుగుతాయి. అప్పుడు జింకు వంతు. పొదుపుగా వడ్డిస్తే ముందు బంతిలో కూర్చున్న రాగి ఒక్కటే తింటుంది, చెయ్యి కాస్త పెంచితే జింకుకూ అందుతుంది అని పిల్లలకు చెప్పేవాడిని. ఈ వడ్డించే చెయ్యే పీహెచ్.

అయితే సల్ఫైడు ద్రావణానికి తనదైన క్షారగుణం ఉంది. అది పడుతున్నకొద్దీ ట్యాంకులో పీహెచ్ పైకి ఎగబాకుతూ ఉంటుంది. పీహెచ్ మీటరు ఆ సంగతి గమనించి ఆమ్లం పంపును నడిపిస్తుంది, పీహెచ్ మళ్లీ ఒకటిన్నరకు దిగుతుంది. సల్ఫైడును తొందరపడి ఎక్కువగా వదిలితే రాగి తినలేనిది కుళ్లిన గుడ్ల కంపుతో వాయువై పైకి లేస్తుంది. అది మనిషిని చంపే వాయువు. అందుకే ట్యాంకుకు మూత, పైన గాలిని లాగేసి సోడా నీళ్లలోంచి పంపే గొట్టం, మా చొక్కాలకు తగిలించిన అలారాలు. ఆపరేటరు చేతిలో ఉండేది సల్ఫైడు వాల్వు. దాన్ని ఎంత నిదానంగా తిప్పుతాడన్నదే ఆయన పనితనం.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరూ చెప్పమనలేదు, ఏ మాన్యువల్లోనూ లేదు. ఫిల్టర్ ప్రెస్సు నుంచి జారే నీళ్లను గాజు గొట్టంలో కాసిని పట్టి, పొగను లాగే అలమరలో పెట్టి, నాలుగు చుక్కలు సల్ఫైడు వేసేవాడు. నల్లబడితే ఇంకా రాగి మిగిలినట్టు. నల్లబడకుండా చిక్కటి మజ్జిగలా తెల్లబడితే రాగి పూర్తిగా పోయి, జింకు పూర్తిగా నీళ్లలోనే ఉన్నట్టు. ఆ తెలుపును వెలుతురుకు ఎత్తి చూసి "మంచిగున్నది" అని కడిగేసేవాడు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. నా ఎమ్మెస్సీకి ఆ గొట్టం తట్టనందుకు లోపల కాస్త గుచ్చుకునేది, పైకి మాత్రం "బాగానే చేస్తావన్నా" అనేవాడిని.

మధ్యాహ్నం ఇద్దరం నా రేకుల గదిలో తినేవాళ్లం. ఆయన క్యాంపులో తెల్లారే వండుకుని తెచ్చిన అన్నం, టమాటా పప్పు, ఎర్రగా మండే ఏదో ఒక తొక్కు. నాది ఖుబ్జ్ రొట్టె, పెరుగు. ఆయన తన డబ్బా మూతలో నాకు కాసింత పప్పన్నం పెట్టి నా వైపు జరిపేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు. అసలు ఆ ఇరవై నిమిషాల కోసమే నేను డ్యూటీకి వెళ్తున్నానేమో అనిపించేది. శుక్రవారం సెలవంటే నాకు భయం. గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏసీ చప్పుడు వింటూ, నా గొంతు ఎలా ఉంటుందో నేనే మర్చిపోయేవాడిని.

మొదటి ట్యాంకులో పీహెచ్‌ను పసిగట్టి మీటరుకు అందించే ఎలక్ట్రోడు ఒకటుంది. సల్ఫైడు దాని లోపలికి చొరబడితే లోపలి వెండిని పట్టుకుని పాడు చేస్తుంది. అందుకని మా లాంటి చోట రెండు పొరల అడ్డు ఉన్న రకం వాడతాం. ఒకరోజు దాన్ని కడుగుతూ నా చేతులతోనే గాజు బుడ్డిని పగలగొట్టాను. కొత్తది ఆర్డరు పెట్టాం, రావడానికి వారాలు పడుతుందన్నారు. ఈలోగా ల్యాబులో ఉన్న మామూలు ఎలక్ట్రోడును తీసుకెళ్లి ట్యాంకుకు తగిలించాను. అందులో తప్పు లేదు, దాన్ని రోజుకు రెండుసార్లు, పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాల్లో ముంచి సరిచూస్తూ ఉంటే. ఆ విషయం నాకు తెలుసు. తెలిసే, రిజిస్టరులో ఆ వారానికి సరిపడా గడులన్నీ ఆదివారమే కూర్చుని నింపేశాను. నాలుగు ద్రావణంలో నాలుగు, ఏడు ద్రావణంలో ఏడు, పక్కన నా సంతకం, వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఎండలో ట్యాంకు ఎక్కడానికి బద్ధకం. అంతకన్నా పెద్ద కారణమేదో చెప్పాలని చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

బుధవారం పొద్దున ఆయన గొట్టం పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"సారూ, జర సూడుండ్రి. ఇయ్యాల తెలుపు పల్చగ అచ్చింది."

చూశాను. మజ్జిగ కాదు, మజ్జిగ తేటలా ఉంది. జింకు నీళ్లలో ఉండాల్సినంత లేదన్నమాట. లేకపోతే ఎక్కడికి పోయినట్టు?

"ట్యాంకరు లోడులోనే జింకు తక్కువుందేమో" అన్నాను.

"లోడు నిన్నటిదే సారూ. నిన్న మంచిగనే అచ్చింది. గా ఆసిడ్ పంపు గూడ పొద్దుగాల సంది ఒక్కపారి తిరగలే. జెరంత మీటరు సూత్తరా?"

లేచి కిటికీలోంచి చూశాను. డిస్‌ప్లే మీద ఒకటిన్నర, అచ్చంగా ఒకటిన్నర. నాకు చిరాకేసింది. ట్యాంకు ఎక్కమంటున్నాడు కదా అని చిరాకు. ఈయన గొట్టం నా మీటరుకు వంక పెడుతోంది కదా అని ఇంకొంచెం చిరాకు.

"మీటరు ఒకటిన్నర అంటోంది. దానికంటే నీ కళ్లు ఎక్కువా అన్నా?" అని నవ్వాను.

"మీటరుకు కండ్లుంటయా సారూ" అని ఆయనా నవ్వాడు గానీ, నిలబడే ఉన్నాడు. నేను కంప్యూటరు వైపు తిరిగాను. కాసేపటికి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

రెండు వారాల తర్వాత రాగి ముద్ద కొనేవాళ్ల దగ్గర నుంచి ఆ వారం పంపిన ముద్ద తిరిగి వచ్చింది. జింకు ఒప్పుకున్న హద్దుకన్నా చాలా ఎక్కువ ఉందని రాశారు. దాచి ఉంచిన నమూనాను నేనూ పరీక్షించాను. నిజమే. అప్పుడు ట్యాంకు ఎక్కి, ఎలక్ట్రోడు తీసి, కడిగి, నాలుగు ద్రావణంలో ముంచాను. మీటరు రెండున్నర చూపించింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను, అంకె మారుతుందేమోనని. మారలేదు.

ఆ రోజు జరిగింది నాకు పూర్తిగా అర్థమైంది. సల్ఫైడు లోపలికి దూరి వెండిని పట్టేసింది. దాంతో మీటరు ఉన్నదానికన్నా పుల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ట్యాంకులో పీహెచ్ మూడు దగ్గరకు పోతున్నా ఒకటిన్నర అనే అంది. ఇంకా పుల్లగానే ఉంది కదా అని ఆమ్లం పంపు ఊరుకుంది. సల్ఫైడు అయాన్లు పెరిగిపోయాయి, జింకు కూడా తన తెలుపుతో నల్ల ముద్దలోకి దిగిపోయింది. నలుపులో తెలుపు కలిస్తే ఎవరికి కనిపిస్తుంది? కనిపించింది ఒక్కడికే, నీళ్లలో మిగలని తెలుపును చూసినవాడికి.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. ఆయనకు మా ఇద్దరి భాషా రాదు, హిందీలో మాట్లాడతాడు. రిజిస్టరు తెరిచి చూశాడు. అందులో నా నాలుగులూ ఏడులూ, సంతకాలూ చక్కగా ఉన్నాయి. మీటరు సరిగ్గా ఉంటే ఇక మిగిలింది వాల్వే అని అన్న వైపు తిరిగాడు. సల్ఫైడును ఒక్కసారిగా ఎక్కువ వదిలితే, అది పడిన చోట జింకు కూడా దిగుతుంది, షిఫ్టు త్వరగా ముగించుకోవాలని అలా చేసి ఉంటావు అన్నాడు. ఆయన చెప్పిన రసాయనశాస్త్రంలో తప్పులేదు. అన్న నా వైపు చూశాడు. పన్నెండేళ్లలో వాల్వును ఎప్పుడూ అలా తిప్పలేదని హిందీలో రెండుసార్లు చెప్పి, మళ్లీ నా వైపు చూశాడు.

నేను రిజిస్టరు వైపు చూస్తూ కూర్చున్నాను.

అన్న వీసా వచ్చే నెల పొడిగించాల్సి ఉంది. మేనేజరు మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, కఫీల్‌తో మాట్లాడతానని, అప్పటిదాకా డ్యూటీకి రావద్దని, క్యాంపులో ఉండమని చెప్పాడు. అంటే ఏమిటో అక్కడ పనిచేసే ఎవరికైనా తెలుసు. కాగితం రద్దయితే ఇంటికి పోవడమే, మళ్లీ ఈ వయసులో ఎవరూ పిలవరు.

మూడు రోజులు నేను నోరు విప్పలేదు. భయం. నాదీ అదే కఫీల్, అదే కాగితం. మొదటి రోజు, ముందు అన్నీ సరిచూసుకుని చెబుదాం అనుకున్నాను. పాత ఎలక్ట్రోడు తీసేసి, స్టోరులో దొరికిన అలాంటి మామూలుదే ఇంకోటి పెట్టి, ఈసారి నిజంగా సరిచూశాను. రెండో రోజు, మేనేజరే మెత్తబడతాడులే అనుకున్నాను. మూడో రోజు ఏమీ అనుకోలేదు. మధ్యాహ్నం ఖుబ్జ్ ముక్క తుంచి పెరుగులో ముంచుకుని తిన్నాను. గదిలో ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఇరవై నిమిషాలు ఇరవై నిమిషాల్లాగే గడిచాయి, ఒక్క మాట లేకుండా. నేను ఒంటరివాడినని అంతకుముందూ తెలుసు. అది నా చేతులతో నేనే చేసుకున్నానని అప్పుడు తెలిసింది. ఫోను తీసి ఆయన నంబరు దాకా వెళ్లి మానేశాను. ఏమని పలకరించను?

నాలుగో రోజు పొద్దున్నే పాత ఎలక్ట్రోడునూ, నాలుగు ద్రావణాన్నీ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాను. ఆయన కళ్లముందే ముంచి చూపించాను. గడులు ముందుగానే నింపానని చెప్పాను. నా మాటలు నాకే ఎవరివో అన్నట్టు వినిపించాయి. ఆయన మీటరు అంకె చూసి, రిజిస్టరు తెప్పించి ఆ గడులు మళ్లీ చూశాడు. తర్వాత హెచ్చరిక కాగితం ఒకటి టైపు చేయించి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. మళ్లీ ఇలా జరిగితే నేనే వెళ్తానన్నాడు. ఆపరేటరును రేపటి నుంచి రమ్మంటానన్నాడు. ఖలాస్, అయిపోయింది, వెళ్లు అన్నాడు. మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికయ్యాయి. ఆ తేలికదనం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ఆయన వచ్చాడు. నేను గేటు దాకా ఎదురెళ్లాను.

"మేనేజరుకు చెప్పేశానన్నా. తప్పు నాదేనని, మీటరు పాడైందని" అన్నాను.

"చెప్పిండ్రట సారూ. ఫోన్ల జెప్పిండు." ఆయన హెల్మెట్ బెల్టు సరిచేసుకుంటూ అడిగాడు, "గా పొద్దుగాల నేను గొట్టం పట్టుకొని అచ్చిన్నని గూడ చెప్పిండ్రా?"

చెప్పలేదు. ఎలక్ట్రోడు గురించి చెప్పాను, గడుల గురించి చెప్పాను. ఒక మనిషి చూసి చెబితే నవ్వానన్నది మాత్రం నాలుక దాకా కూడా రాలేదు. మీటరు పాడవడం ఒక తప్పు, వినకపోవడం ఇంకో తప్పు. మొదటిది ఒప్పుకోవడం తేలిక.

"లేదన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "యల్లా" అని, పద అనడానికి మాలో మేం ఎప్పుడూ వాడని ఆ అరబ్బీ మాట అని, ట్యాంకుల వైపు వెళ్లిపోయాడు.

గదిలోకి వచ్చి రిజిస్టరు తెరిచాను. ఆ బుధవారం పేజీలో నా సంతకం పక్కన ఖాళీ ఉంది. గడి కొట్టేసి, కింద రాశాను. ఆ పొద్దున ఆపరేటరు ఫిల్టరు నీళ్లను సల్ఫైడుతో పరీక్షించి జింకు తగ్గిందని గుర్తించాడు. ఆమ్లం పంపు నడవడం లేదని కూడా చెప్పాడు. కెమిస్టు వినలేదు, వెళ్లి చూడలేదు. సల్ఫైడు వాల్వు విషయంలో ఆపరేటరు తప్పేమీ లేదు. కింద రాసిన రోజు తేదీతోనే సంతకం పెట్టి, మేనేజరుకు తీసుకెళ్లి చూపించాను. ఇప్పుడు ఇదెందుకు అన్నాడు. ఉండనీయండి అన్నాను. భుజాలెగరేసి తన పొట్టి సంతకం కూడా పడేశాడు.

మధ్యాహ్నం ఆయన తన డబ్బా తీసుకోవడానికి గదికి వచ్చాడు. రిజిస్టరు తిప్పి చూపించాను. అంతా ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. "కెమిస్టు వినలేదు" అన్న వాక్యాన్ని తొందరగా దాటేశాను. మళ్లీ చదివాను. ఆయన నిలబడే విన్నాడు, చివరిదాకా విన్నాడు.

"మంచిగ రాసిండ్రు సారూ" అన్నాడు.

"కూర్చో అన్నా, తిందాం" అన్నాను.

"గా ఫోర్‌క్లిఫ్ట్ పిలగాండ్లు పిలిసిండ్రు. ఆల్లతోని తింట."

ఆయన డబ్బా పట్టుకుని తలుపు తీశాడు. తలుపు దగ్గర ఆగుతాడేమో, ఏదో ఒకటి అంటాడేమో, కనీసం తిడతాడేమో అని చూశాను. ఆగలేదు. ఎండ వేడి లోపలికి కొట్టింది, తలుపు దానంతటదే మూసుకుంది.

ఆ తర్వాత కూడా మేం కలిసే పనిచేశాం. ఒక్క మాట కూడా తేడాగా మాట్లాడలేదు. పొద్దున్నే నేనే వెళ్లి ట్యాంకు ఎక్కుతాను, ఎలక్ట్రోడు సరిచూస్తాను. "అన్నా, ఇవాళ తెలుపు ఎలా ఉంది?" అని అడుగుతాను. ఆయన మీటరు వైపు చూసి అంకె చెబుతాడు.